ఫీజు సర్క్యులర్ ఫోటోకి ఏమని జవాబు రాయాలి?

జూన్ మొదటి వారం. బడులు ఇంకా తెరవలేదు. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చి పడుతుంది. టేబుల్ మీద పెట్టిన కాగితాన్ని పైనుంచి ఎవరో ఫోన్‌తో తీశారు. ఒక మూల నీడ పడింది, కింద చివరి లైను సగం తెగిపోయింది. పెద్దది చేసి చూస్తే విషయం తెలుస్తుంది: ఈ ఏడాది ఫీజు పెరిగింది, మొత్తం ఒకేసారి కట్టాలి, గడువు దాటితే రోజుకు ఇంతని జరిమానా. ఆ ఫోటో కింద నలుగురైదుగురు దండం బొమ్మలు పెడతారు. ఒకరిద్దరు కోపంగా రెండు ముక్కలు రాస్తారు, మిగిలినవాళ్ళు ఏమీ అనరు. కానీ ఆ ఏమీ అనని ఇళ్ళలోనే ఆ రాత్రి లెక్కలు మొదలవుతాయి. గొలుసు బ్యాంకులో పెట్టాలా, చిట్టీ పాడాలా, తెలిసినవాళ్ళ దగ్గర వడ్డీకి తేవాలా అని.

అప్పు వైపు వెళ్ళే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. వాయిదాల్లో కడతామని బడికి ఒక ఉత్తరం రాయడం. చాలామంది దీన్ని బతిమాలడంగా అనుకుని వెనకాడతారు. అడిగినవాళ్ళలోనూ చాలామంది ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి నోటిమాటగా అడిగి, "చూద్దాం లెండి" అనిపించుకుని తిరిగొస్తారు. నా దృష్టిలో ఇది దయ కోసం పెట్టుకునే అర్జీ కాదు. ఎంత కడతామో, ఏ తేదీన కడతామో చెప్పే ప్రతిపాదన. అలా రాసినప్పుడే బడివాళ్ళు ఆలోచిస్తారు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. హనుమకొండలో భార్యాభర్తలిద్దరూ టైలరింగ్ షాపు నడుపుకుంటున్నారు. పాప ఏడో తరగతిలోకి వచ్చింది. పోయినేడు ఫీజు 42,000 రూపాయలు. ఈ ఏడు 15 శాతం పెంచి 48,300 చేశారు. జూన్ 20 లోపు అంతా కట్టాలి, తర్వాత రోజుకు 50 రూపాయల జరిమానా. పుస్తకాలు, యూనిఫాం వేరే. ఈ ఇంటి కష్టం ఆదాయం లేకపోవడం కాదు, ఆదాయం వచ్చే వేళ. బడులు తెరిచాక వచ్చే ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి జాకెట్లకు, మగ్గం పనికి గిరాకీ పడిపోతుంది. శ్రావణం వచ్చిందంటే రాత్రి పదకొండు దాకా మిషన్ ఆగదు. తర్వాత దసరా, ఆ తర్వాత సంక్రాంతి. ఏడాదికి 48,300 కట్టగల ఇల్లే, కానీ జూన్ 20న కట్టలేదు. వరి మీద బతికే ఇంటికి కొనుగోలు కేంద్రం డబ్బు పడే నెల ఒకటుంటుంది, కూలిపని చేసే మేస్త్రీకి వాన లేని నెలలుంటాయి. ఎవరి క్యాలెండర్ వారిదే. ఉత్తరంలో ముందుగా కనిపించాల్సింది అదే.

రాసే ముందు ఆ ఫోటోని సరిగా చదవాలి. వాట్సాప్‌లో వచ్చే బొమ్మ కుదించుకుని వస్తుంది, చిన్న అంకెలు అలుక్కుపోతాయి. 48,300 కాస్తా 43,800 లాగా కనిపించవచ్చు. నాలుగున్నర వేల తేడా. తెగిపోయిన చివరి లైనులోనే చాలాసార్లు అసలు సంగతి ఉంటుంది: రెండు విడతల్లో కట్టే వీలు, ఒకేసారి కడితే రాయితీ, అన్నాచెల్లెళ్ళు చదువుతుంటే తగ్గింపు. తేదీ, సర్క్యులర్ నంబరు, సంతకం, ముద్ర ఉన్నాయో లేదో చూడాలి. ఏ తరగతుల వారికో కూడా చూడాలి. హైస్కూలు సర్క్యులర్ ప్రైమరీ గ్రూపులోకి వచ్చి ఊరికే గుండెలు గుభేలుమన్న సందర్భాలున్నాయి. అనుమానం ఉంటే బడికి వెళ్ళి అసలు కాగితం చూసి రావడమే మేలు. ఉత్తరంలో కూడా ఫోటోలో చదివిన అంకెల్ని మన మాటల్లో మళ్ళీ రాయాలి. తప్పు చదివి ఉంటే వాళ్ళే సరిచేస్తారు. సరిచేయకపోతే ఆ అంకెకే ఒప్పుకున్నట్టు.

ఇక ఎవరికి రాయాలి? క్లాసు టీచర్‌కు ఫీజు మీద ఏ అధికారమూ ఉండదు. ఆమెను అడిగితే ఆమెకు ఇబ్బంది, మనకు కాలయాపన. ఆఫీసులో రసీదులు రాసే ఆయనకూ ఉండదు. చిన్న ప్రైవేటు బడుల్లో కరస్పాండెంట్ గారిదే చివరి మాట. పెద్ద సంస్థల శాఖల్లో అయితే ప్రిన్సిపాల్ గారు పైఆఫీసుకు పంపి అడగాలి, దానికి నాలుగైదు రోజులు పడుతుంది. అందుకే గడువుకు పది రోజుల ముందే ఉత్తరం చేరాలి. జూన్ 19న ఇచ్చే ఉత్తరానికి జవాబు వచ్చేలోపే జరిమానా మొదలవుతుంది.

గ్రూపులో మాత్రం రాయవద్దు. అందరి ముందు అడిగితే ఒక్కరికి ఒప్పుకున్నా మర్నాటికి అరవై మంది అడుగుతారని బడి భయం. అక్కడ జవాబు ఎప్పుడూ "రూల్ అందరికీ ఒకటే" అనే వస్తుంది. ఒకసారి గ్రూపులో కాదన్నాక ప్రిన్సిపాల్ గారికి మనసులో ఉన్నా వెనక్కి తగ్గడం కష్టం. విడిగా, కాగితం మీద, ఆయన పేరు మీద రాస్తే ఒప్పుకునే దారి ఆయనకు తెరిచి ఉంటుంది.

ఆ హనుమకొండ దంపతులు రాస్తే ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారం. మా పాప మీ బడిలో ఏడో తరగతి, బి సెక్షన్ చదువుతోంది. జూన్ 5న క్లాసు గ్రూపులో వచ్చిన సర్క్యులర్ ఫోటో చూశాం. ఈ ఏడాది ఫీజు 48,300 రూపాయలనీ, జూన్ 20 లోపు ఒకేసారి కట్టాలనీ అందులో ఉంది. ఫోటోలో చివరి లైను కనబడలేదు. అంకెల్లో పొరపాటుంటే దయచేసి తెలియజేయండి.

మాది టైలరింగ్ షాపు. జూన్, జూలైల్లో పని తక్కువ. శ్రావణం, దసరా, సంక్రాంతి వేళల్లో ఆదాయం వస్తుంది. కాబట్టి ఫీజు ఈ విధంగా కట్టడానికి అనుమతి కోరుతున్నాం: జూన్ 20 లోపు 14,300, ఆగస్టు 25న 12,000, అక్టోబరు 25న 12,000, జనవరి 20న 10,000. మొత్తం 48,300. వార్షిక పరీక్షలకు ముందే అంతా పూర్తవుతుంది. గత మూడేళ్ళ ఫీజు బాకీ లేకుండా కట్టాం, రసీదుల నకళ్ళు జతచేశాం.

ఈ తేదీల ప్రకారం కట్టినంత కాలం జరిమానా పడకుండా ఆఫీసు వారికి చెప్పగలరు. ఫీజు విషయం ఏదున్నా మా ఇద్దరిలో ఎవరికైనా ఫోన్ చేయండి. పాపతో చెప్పవద్దని మనవి. ఫీజు పెంపు గురించి మా అభిప్రాయం విడిగా రాసి ఇస్తాం.

మీ నిర్ణయాన్ని జూన్ 15 లోపు తెలియజేస్తే ఆ ప్రకారం మొదటి వాయిదా కడతాం.

ఇట్లు, తల్లిదండ్రులు"

చిన్న ఉత్తరమే కానీ ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పనుంది. మొదటి వాయిదా గడువు లోపలే ఉండటం చూడండి. మొత్తంలో సుమారు 30 శాతం ముందే చేతికొస్తుంది. బడి వైపు నుంచి ఆలోచిస్తే దీని విలువ తెలుస్తుంది. వాళ్ళు జీతాలు నెలనెలా ఇస్తారు, అయినా ఫీజు ఒకేసారి ఎందుకు అడుగుతారు? ఏడాది మధ్యలో పిల్లల్ని మాన్పించి వెళ్ళిపోయేవాళ్ళు, మార్చి వచ్చాక ఫోన్ ఎత్తనివాళ్ళు ప్రతి బడికీ ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో వసూళ్ళు ఉండవు, అద్దె మాత్రం ఆగదు. అంటే వాళ్ళ భయమంతా చివరి వాయిదా గురించే. ఫిబ్రవరి, మార్చి దాకా లాగే ప్రణాళికకు అందుకే ముఖం చిట్లిస్తారు. జనవరి 20కల్లా అయిపోతుందని రాసినప్పుడు ఆ భయం సగం తీరుతుంది. పాత రసీదుల నకళ్ళు మిగతా సగం తీరుస్తాయి. "మేం పేదవాళ్ళం సార్" అని పేజీ నిండా రాసినదానికన్నా ఆ మూడు రసీదులే బలమైనవి.

జరిమానా గురించి ప్రత్యేకంగా అడగడానికి కారణం కంప్యూటర్. ఇప్పుడు చాలా బడుల్లో ఫీజు లెక్క సాఫ్ట్‌వేర్ చూస్తుంది. ప్రిన్సిపాల్ గారు నోటితో సరేనన్నా, సాఫ్ట్‌వేర్‌లో గడువు తేదీ మార్చకపోతే జూన్ 21 నుంచి రోజుకు 50 చొప్పున అదంతట అదే ఎక్కుతుంది. ఆగస్టు 25న రెండో వాయిదా కట్టడానికి వెళ్తే 66 రోజులకు 3,300 రూపాయల జరిమానా తెరమీద కనబడుతుంది. అక్కడున్న క్లర్కుకు ఆ ఒప్పందం సంగతే తెలియదు. ఈ చిక్కు చాలాచోట్ల జరిగేదే. అందుకని అనుమతి వచ్చాక వాయిదా తేదీల్ని సిస్టంలో ఎక్కించారో లేదో ఆఫీసులో ఒకసారి చూపించమని అడగాలి. మొదటి రసీదు మీద బాకీ ఎంత, తర్వాతి గడువు ఎప్పుడు అన్నవి ఉన్నాయంటే పని పూర్తయినట్టే.

పాపతో చెప్పవద్దన్న వాక్యం నా మటుకు ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్రార్థన తర్వాత ఫీజు కట్టనివాళ్ళ పేర్లు చదవడం, క్లాసులో నిలబెట్టడం, పరీక్ష రోజు బయట కూర్చోబెట్టడం మన ఊళ్ళల్లో ఎందరో పిల్లలు అనుభవించినవి. పన్నెండేళ్ళ పిల్లకు ఆ అవమానం మోయాల్సిన అగత్యం ఏముంది? అప్పు ఆమెది కాదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా దండించడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఉత్తరంలో సెక్షన్ నంబరు రాయనక్కర్లేదు. మర్యాదగా ఒక వాక్యం ఉంటే చాలు, ఆ తర్వాత ఏదైనా జరిగితే ముందే చెప్పామన్న ఆధారం ఉంటుంది.

పెంపు గురించి విడిగా రాస్తామన్న వాక్యం కూడా ఊరికే పెట్టింది కాదు. వాయిదాలు అడగడం, పెంపును ప్రశ్నించడం రెండు వేరు పనులు. రెండూ ఒకే కాగితంలో కలిపితే మొదటిది చెడుతుంది. "పదిహేను శాతం అన్యాయం, అయినా వాయిదాలివ్వండి" అంటే చదివేవారికి గొడవే కనిపిస్తుంది కానీ ప్రతిపాదన కనబడదు. అలాగని పెంపు ఊసే ఎత్తకుండా కొత్త ఫీజుకు వాయిదాలు రాసిస్తే, రేపు ప్రశ్నించినప్పుడు "మీరు ఒప్పుకునే కట్టారుగా" అంటారు. ఒక్క వాక్యంతో ఆ హక్కు నిలబడుతుంది. ఫ్యాన్ తిరగడం లేదు, బస్సు ఆలస్యం లాంటి ఫిర్యాదులు మాత్రం ఇంకో రోజుకు.

పెంపును ప్రశ్నించదలిస్తే ఆధారాలున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన జీవో నంబరు 1 ప్రైవేటు బడి ఆదాయాన్ని ఎలా ఖర్చుపెట్టాలో చెప్పింది. సగం సిబ్బంది జీతాలకు పోవాలి, యాజమాన్యం లాభం 5 శాతం మించకూడదు. తెలంగాణలో తల్లిదండ్రుల సంఘాలు ఇప్పటికీ పట్టుకుని మాట్లాడేది దీన్నే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఏర్పడింది. ఇవన్నీ నెమ్మదిగా నడిచే దారులు, జూన్ 20 లోపు తేలేవి కావు. ఒక్క ఇల్లు కాకుండా పదిమంది తల్లిదండ్రులు కలిసి నడవాల్సినవి.

వాయిదాలకు మాత్రం పాత ఉదాహరణలున్నాయి. కరోనా ఏడాది, 2020 ఏప్రిల్‌లో, తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చి ఆ విద్యా సంవత్సరానికి ఫీజు పెంచవద్దనీ, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలనీ చెప్పింది. 2021 మే 3న రాజస్థాన్ ప్రైవేటు బడుల కేసులో సుప్రీంకోర్టు ఆ ఏడాది ఫీజును ఆరు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే వీలు కల్పించింది. ఫీజు బాకీ ఉందని పిల్లల్ని క్లాసులకు రానివ్వకుండా ఆపవద్దనీ, ఫలితాలు ఆపవద్దనీ చెప్పింది. వాయిదాలు కూడా కట్టలేని తల్లిదండ్రులు విడిగా విన్నవించుకుంటే సానుభూతితో పరిశీలించాలనీ అంది. ఆ ఆదేశాలు ఆ ప్రత్యేక కాలానికి ఇచ్చినవి, ఈ ఏడాది బడిని వాటితో కట్టిపడేయలేం. ఉత్తరంలో వాటిని ఉటంకించి భయపెట్టే ప్రయత్నం చేస్తే ఎదురు తిరుగుతుంది కూడా. కానీ వాయిదాల్లో తీసుకున్నా బడులు నడుస్తాయన్నది అప్పుడు అందరూ చూసిన సంగతే. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ఆ మాట గుర్తుచేయవచ్చు.

వాయిదా దొరికితే ఇంటికి మిగిలేదెంతో లెక్క వేద్దాం. ఆ దంపతుల దగ్గర జూన్‌లో 14,300 ఉన్నాయి, 34,000 తక్కువ. దాన్ని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. మొదటి రెండు నెలలకు వడ్డీ 1,360. శ్రావణంలో 12,000 తీర్చాక 22,000 మీద మరో రెండు నెలలకు 880. దసరాకు ఇంకో 12,000 తీర్చాక మిగిలిన 10,000 మీద మూడు నెలలకు 600. మొత్తం 2,840 రూపాయలు. మూడు రూపాయల వడ్డీ అయితే 4,260. ఒక ఉత్తరం మిగిల్చే డబ్బు ఇది. ఒకేసారి కడితే 5 శాతం, అంటే 2,415 రూపాయల రాయితీ ఇచ్చే బడి అయితే కాస్త ఆగి ఆలోచించాలి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడితే ఆ రాయితీ వడ్డీకే సరిపోతుంది. అదే బంగారం మీద బ్యాంకులో రూపాయి లోపు వడ్డీకి దొరికితే ఒకేసారి కట్టడమే లాభం.

కొన్ని బడులు ఉత్తరం చూసి, "వాయిదాలు కావాలంటే ఫలానా యాప్‌లో పెట్టుకోండి, వడ్డీ లేదు" అంటాయి. ఇక్కడ జాగ్రత్త. ఆ ఏర్పాటులో బడికి మొత్తం ఫీజు ముందే వెళ్ళిపోతుంది, నెలనెలా మనం కట్టేది ఒక రుణ సంస్థకు. అంటే అది బడి ఇచ్చిన వాయిదా కాదు, మన పేరు మీద పుట్టిన అప్పు. పాపను నవంబరులో వేరే బడికి మార్చినా ఆ అప్పు మన వెంటే వస్తుంది. ఒక నెల ఖాతాలో డబ్బు లేక కోత విఫలమైతే బ్యాంకు ఒక రుసుము, ఆ సంస్థ మరో రుసుము వేస్తాయి, క్రెడిట్ స్కోరు మీద మచ్చ పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, అన్నీ కలిపి ఏడాదికి వడ్డీ ఎంత పడుతుందో ఒకే పేజీలో రాసివ్వమని అడగండి. ఆ వివరపత్రం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. నెలజీతం క్రమంగా పడేవాళ్ళకు ఆ యాప్ నప్పవచ్చు. ఆషాఢంలో చేతులు కట్టుకుని కూర్చునే టైలర్‌కు మాత్రం ప్రతి నెలా ఒకే మొత్తం కోత పడటం సరిపడదు.

ఇంకొన్ని బడులు ముందు తేదీలు వేసిన చెక్కులు అడుగుతాయి. ఇవ్వవచ్చు, కానీ చెక్కు బౌన్సయితే సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు దాకా వెళ్ళగలదని తెలిసి ఇవ్వాలి. ఆదాయం వస్తుందనుకున్న రోజుకు కాక, వారం తర్వాత తేదీ వేయడం మంచిది. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఎన్నడూ ఇవ్వకూడదు. బడి పేరు, మొత్తం, తేదీ మనమే రాయాలి. చెక్కు నంబర్లన్నీ రాసిన కాగితం మీద ఆఫీసువారి చేత అందినట్టు సంతకం చేయించుకోవాలి.

ఉత్తరాన్ని రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద "అందింది" అని తేదీతో సంతకం, ముద్ర వేయించుకోవడం అలవాటు చేసుకోవాలి. ముద్ర వేయమంటే, ప్రిన్సిపాల్ గారి సొంత నంబరుకు ఉత్తరం ఫోటో పంపండి, వెలుతురులో, నాలుగు మూలలూ కనబడేలా. నోటిమాటగా ఒప్పుకుంటే అదే రోజు సాయంత్రం ఒక మెసేజ్ పెట్టాలి: "సార్, ఈ రోజు మీరు చెప్పిన ప్రకారం నాలుగు వాయిదాల్లో కడతాం, మొదటిది 14,300 ఈ రోజే కట్టాం, రసీదు జతచేశాను." దానికి ఆయన ఒక్క "ఓకే" అన్నా అది రాతపూర్వకమైన ఒప్పందంలాగే పనికొస్తుంది.

నాలుగు వాయిదాలకు కాక రెండింటికే ఒప్పుకుంటే, సగం ఇప్పుడు, సగం దసరాకు అంటే? ఆ టైలరింగ్ ఇంటికి జూన్‌లో 24,150 కావాలి, అంటే దాదాపు పదివేలు తక్కువ. 34,000 అప్పు కాస్తా పదివేలకు దిగింది, అది శ్రావణంలో తీరిపోయేదే. అసలు కుదరదంటే కరస్పాండెంట్ గారిని కలిసి జరిమానా మాఫీ అయినా అడగవచ్చు. చాలాసార్లు రాతలో కాదన్నది ఎదురుగా మాట్లాడితే సగం దాకా వస్తుంది.

ఒప్పుకున్న తర్వాత ఒక తేదీ తప్పేలా ఉంటే ఆ తేదీకి మూడు రోజుల ముందే ఫోన్ చేసి, ఉన్నంతలో కొంత కట్టి, మిగతాదానికి కొత్త తేదీ చెప్పాలి. 12,000 బదులు 7,000 పట్టుకెళ్ళి అక్టోబరు 25నే ఆఫీసులో నిలబడ్డ తండ్రికి, ఏమీ చెప్పకుండా నవంబరు 10న వచ్చినవాడికి ఆ ఆఫీసులో చాలా తేడా ఉంటుంది. జనవరిలో చివరి వాయిదా కట్టేటప్పుడు "బాకీ లేదు" అని రాయించుకున్న రసీదును దాచిపెట్టుకుని, ఫిబ్రవరిలోనే ప్రిన్సిపాల్ గారిని కలిసి వచ్చే ఏడాదికీ ఇవే వాయిదాలు కావాలని అడిగేయవచ్చు. కొత్త సర్క్యులర్ అప్పటికి ఇంకా టైపు కూడా అయి ఉండదు.